స్కోరు తగ్గేకొద్దీ వ్యాసం ఎందుకు చెడుతుంది?

చేజర్ల నుంచో, ఉదయగిరి పల్లెల నుంచో ఆత్మకూరుకు, నెల్లూరుకు చదువుకోడానికి వెళ్లిన పిల్లల్లో కొత్త అలవాటు ఒకటి కనిపిస్తోంది. ఇంగ్లిషులో అసైన్‌మెంట్ రాయగానే సార్‌కు పంపరు. ముందు ఫోన్లో ఏదో ఒక ఉచిత ఏఐ డిటెక్టర్ తెరిచి అందులో అతికిస్తారు. డిటెక్టర్ అంటే ఇచ్చిన రాతను చూసి, ఇది మనిషి రాసిందా, చాట్‌జీపీటీ లాంటి యంత్రం రాసిందా అని అంచనా వేసి ఒక శాతం చూపించే ప్రోగ్రాం. అది 62 శాతం అంటుంది. రాసిన పిల్లకు గుండె జారుతుంది. రాత్రంతా కూర్చుని స్వయంగా రాసుకున్న వ్యాసం అది. ఇక మాటలు మార్చడం, వాక్యాలు విరగ్గొట్టడం, మళ్లీ అతికించి చూడడం మొదలవుతాయి. ఐదారు విడతల తర్వాత స్కోరు 18కి దిగుతుంది. వ్యాసం మాత్రం మొదటిదాని కంటే అధ్వానంగా తయారవుతుంది.

ఇది ఆ పిల్ల చేతకానితనం కాదు. యంత్రం కొలిచేది ఒకటి, మంచి వ్యాసానికి కావలసింది ఇంకొకటి. చాలాచోట్ల అవి రెండూ ఎదురుబొదురుగా ఉంటాయి. అందుకే ఒకటి బాగుపడుతున్నట్టు కనిపిస్తుంటే రెండోది చెడుతుంది. ఎక్కడెక్కడ ఎదురుపడతాయో చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా స్వయంగా రాసుకున్నవాళ్ల గురించి. యంత్రం చేత రాయించుకుని దాచాలనుకునేవాళ్ల సంగతి వేరు.

అసలు డిటెక్టర్ ఏం కొలుస్తుంది? "ఇంట గెలిచి" అని నేను ఆగితే, తర్వాతి రెండు మాటలు మీ నోటికి వచ్చేస్తాయి. అదే "ఇంట గెలిచి గేదెల్ని తోలుకెళ్లాడు" అంటే మీరు ఊహించి ఉండరు. డిటెక్టర్ ప్రతి మాట దగ్గరా ఇలాంటి లెక్కే వేస్తుంది. ఇంతవరకూ చదివినదాన్ని బట్టి తర్వాతి మాటను ఎంత సులువుగా ఊహించవచ్చు అని చూస్తుంది. మాటలు ఊహకు ఎంత అందకుండా ఉన్నాయో చెప్పే ఈ కొలతను పర్‌ప్లెక్సిటీ అంటారు. అది తక్కువగా ఉంటే, అంటే మాటలన్నీ ఊహించినట్టే వస్తుంటే, యంత్రం రాసిందేమో అని అనుమానం. రెండో కొలత బర్స్టినెస్. వాక్యాల తీరు ఒకేలా సాగుతోందా, ఎగుడుదిగుడుగా ఉందా అని చూడడం. అన్నీ ఒకే పొడవులో, ఒకే నడకలో ఉంటే మళ్లీ అనుమానమే. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ విద్యార్థి ఎడ్వర్డ్ టియాన్ 2023 జనవరిలో జీపీటీజీరో అనే డిటెక్టర్‌ను ఈ రెండు కొలతల మీదే బయటికి తెచ్చాడు. తర్వాత వచ్చినవి ఇంకా చాలా హంగులు చేర్చుకున్నాయి. అయినా నున్నగా, ఊహించినట్టుగా సాగే రాతను అనుమానించే గుణం పోలేదు.

మరి స్పష్టంగా రాయడమే తప్పా? అని మీకు అనిపించవచ్చు. ఆ చిక్కే ఉంది ఇందులో. ఒక విషయాన్ని వివరించే రాత సహజంగానే ఊహకు అందేలా ఉంటుంది. రిజర్వాయర్ అన్నాక గేట్లు, నీటిమట్టం, టీఎంసీలు వస్తాయి. రాకపోతేనే చదివేవాడు తడబడతాడు. నలిగిన మాటలు, ప్రామాణికమైన పదాలు, క్రమంలో నడిచే వాక్యాలు మనకు సుగుణాలు, డిటెక్టర్‌కు అనుమానాలు. అమెరికా రాజ్యాంగాన్ని పెట్టి చూస్తే కొన్ని డిటెక్టర్లు అది యంత్రం రాసిందని తేల్చాయి. భాషా యంత్రాలకు చదువు నేర్పిన పాఠాల్లో ఆ రాజ్యాంగం లెక్కలేనన్ని సార్లు ఉంది కాబట్టి అందులోని ప్రతి మాటనూ అవి ఇట్టే ఊహించగలవు.

రాజ్యాంగం సంగతి తమాషాగా తీసుకోవచ్చు. మన పిల్లల సంగతి అలా తీసుకోలేం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిషులో రాసేవాళ్ల దగ్గర మాటల నిల్వ కొద్దిగానే ఉంటుంది. ఉన్న మాటలను జాగ్రత్తగా, నేర్చుకున్న వ్యాకరణం ప్రకారం వాడతారు. కాబట్టి వాళ్ల వాక్యాలు సహజంగానే ఊహకు అందేలా ఉంటాయి. ఇది నా ఊహ కాదు, కొలిచి చూశారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. ఆ ఫలితాలు 2023లో ప్యాటర్న్స్ అనే పత్రికలో వచ్చాయి. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలను డిటెక్టర్లు యంత్రం ఖాతాలో వేశాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాలను మాత్రం అవే డిటెక్టర్లు దాదాపు సరిగ్గానే గుర్తించాయి.

61 శాతం అంటే ఎంత? 60 మంది ఉన్న మన డిగ్రీ క్లాసులో అందరూ స్వయంగా రాసుకొస్తే, అదే దామాషాలో 36, 37 మంది దోషులుగా తేలతారు. మిగిలిన పాతిక మంది లోపే బయటపడతారు. అందరి రాతా టోఫెల్ రాసినవాళ్ల రాతలాగే ఉంటుందని కాదు, డిటెక్టర్లు కూడా 2023 తర్వాత మారాయి. కానీ మొగ్గు ఎటువైపు ఉందో ఈ అంకె చెబుతుంది.

ఆ అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది. నాకు 61 కంటే అదే ముఖ్యమనిపిస్తుంది. 91 వ్యాసాల్లో 18ని ఏడు డిటెక్టర్లూ కూడబలుక్కున్నట్టు యంత్రానివే అన్నాయి. కనీసం ఒక్క డిటెక్టరైనా పట్టుకున్నవి 89. తీసివేత చేసి చూడండి. ఏడింట్లో ఏదీ వేలెత్తి చూపనివి రెండే రెండు. మధ్యలో మిగిలిన 71 వ్యాసాల మీద డిటెక్టర్లే ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు. ఒకటి తప్పంది, ఇంకొకటి ఒప్పంది. అంటే నాలుగింట మూడు వంతులకు పైగా వ్యాసాల భవిష్యత్తు వాటిలో ఏముందో దాన్ని బట్టి కాక, విద్యార్థి ఏ సైటు తెరిచిందో దాన్ని బట్టి తేలింది. ఒక సైట్లో స్కోరు తగ్గించుకున్నంత మాత్రాన ఇంకో సైట్లో తగ్గుతుందన్న హామీ ఎక్కడిది?

అదే పరిశోధకులు ఇంకో పని చేశారు. ఆ 91 వ్యాసాలను చాట్‌జీపీటీకి ఇచ్చి, ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్లు రాసినట్టు మాటలను మెరుగుపరచమన్నారు. తర్వాత మళ్లీ కొలిస్తే తప్పుడు ఆరోపణలు 61 శాతం నుంచి సుమారు 12 శాతానికి పడిపోయాయి. ఇక్కడ కాసేపు ఆగాలి. మనిషి ఒంటరిగా రాసిన వ్యాసం యంత్రానిది అనిపించుకుంది. యంత్రం చెయ్యి పడ్డాక మనిషిది అనిపించుకుంది. స్కోరు తగ్గడం నిజాయితీకి గుర్తు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. స్వయంగా రాసుకున్న పిల్ల స్కోరు దించుకోడానికి పారాఫ్రేజర్‌ను, అంటే వాక్యాన్ని తీసుకుని వేరే మాటల్లో తిరగరాసిచ్చే ప్రోగ్రాంను వాడితే, అంతవరకూ లేని తప్పు అప్పుడే మొదటిసారి చేసినట్టవుతుంది. చాలా ఉచిత సైట్లలో స్కోరు పక్కనే "మనిషి రాతలా మారుస్తాం" అనే బటన్ కూడా ఉంటుంది. భయపెట్టేదీ, మందు అమ్మేదీ ఒకే అంగడి. గమనించుకోండి.

ఇక తిరగరాయడంలో నష్టం ఎలా జరుగుతుందో ఒక పేరా పట్టుకుని చూద్దాం. మన పక్కనున్న విషయమే తీసుకుందాం. సోమశిల గురించి డిగ్రీ విద్యార్థి ఇంగ్లిషులో ఎలా రాస్తారో అలా ఒక పేరా అనుకుందాం. దాని భావం తెలుగులో ఇది: "సోమశిల రిజర్వాయర్ పెన్నా నదిపై ఉంది. ఈ రిజర్వాయర్ కెపాసిటీ 78 టీఎంసీలు. వరద వచ్చినప్పుడు రిజర్వాయర్‌లోకి ఇన్‌ఫ్లో పెరుగుతుంది. ఇన్‌ఫ్లో ఎక్కువగా ఉండి, రిజర్వాయర్‌లో ఖాళీ తక్కువగా ఉంటే గేట్లు తెరిచి నీళ్లు వదులుతారు. అందువల్ల దిగువ ఊళ్లకు ముందే హెచ్చరిక ఇవ్వాలి." గొప్ప రచనేమీ కాదు. కానీ చదివిన ప్రతివాడికీ విషయం అర్థమవుతుంది. ఒక్క తప్పు లేదు. మాటలు నలిగినవి, వాక్యాలు ఒకే కొలతలో ఉన్నవి. డిటెక్టర్‌కు అనుమానం రావడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

మొదటి విడతలో మాటలు మారతాయి. రిజర్వాయర్ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది కదా, ఒకచోట లేక్ అని, ఒకచోట బేసిన్ అని, ఇంకోచోట వాటర్ బాడీ అని పెడతారు. మనకు స్కూల్లో కూడా ఒకే మాట పదే పదే వాడొద్దని చెప్పారు. కథలో అది సరే. వివరణలో ఒక వస్తువుకు ఒకే పేరు ఉండాలి. లేకపోతే సోమశిల తెలియని పాఠకుడు ఒక చెరువు, ఒక పరీవాహక ప్రాంతం, ఒక డ్యామ్ ఉన్నాయేమో అనుకుంటాడు. పైగా బేసిన్ అంటే నదికి నీళ్లు వచ్చి చేరే నేలంతా. సోమశిల రిజర్వాయర్ ఎక్కడ, కర్ణాటకలో పుట్టి మన సముద్రం దాకా సాగే పెన్నా బేసిన్ ఎక్కడ? ఒక్క మాట మార్పుతో వ్యాసంలోని డ్యామ్ రెండు రాష్ట్రాల్లోకి పాకి కూర్చుంది.

కెపాసిటీ అన్న మాటకు జరిగేది ఇంకా ఘోరం. ఊహకు అందని వాక్యం కావాలని "సోమశిల 78 టీఎంసీల నీళ్లను దాచుకుని ఉంది" అని రాస్తారు. వినడానికి బాగానే ఉంది. కానీ కెపాసిటీ అంటే నిండితే పట్టే నీరు. ఇవాళ ఉన్న నీటిని స్టోరేజీ అంటారు. నిండుగా ఉన్న కొద్దిరోజులు తప్ప ఆ కొత్త వాక్యం అబద్ధం. ఎంత అబద్ధమో ఇంటి లెక్కలో చెప్పుకుందాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు. మనం తాగునీటికి కొనే 20 లీటర్ల క్యాన్లలో పోస్తే 141 కోట్ల క్యాన్లకు పైనే. ప్రాజెక్టు సగం నిండిన రోజున ఆ వాక్యం చదివితే, లేని 39 టీఎంసీలు ఉన్నట్టు చెబుతోంది. వాక్యంలో మాట ఒక్కటే మారింది.

రెండో విడతలో వాక్యాల పొడవు మీద పడతారు. ఎగుడుదిగుడుగా ఉండాలని ఎక్కడో చదివి ఉంటారు. "ఇన్‌ఫ్లో ఎక్కువగా ఉండి, ఖాళీ తక్కువగా ఉంటే గేట్లు తెరుస్తారు" అన్న వాక్యాన్ని మూడు ముక్కలు చేస్తారు: "వరద వస్తుంది. గేట్లు తెరుచుకుంటాయి. నీళ్లు పోతాయి." నాటకీయంగా ఉంది. కానీ మొదటి వాక్యంలో రెండు షరతులు ఉన్నాయి. వరద వచ్చినా లోపల ఖాళీ ఉంటే గేట్లు ఎత్తనక్కర్లేదు, ఆ నీటిని నింపుకోవచ్చు. రెండూ కలిస్తేనే ఎత్తాలి. డ్యామ్ ఎలా పనిచేస్తుందో విద్యార్థికి తెలుసని లెక్చరర్‌కు చెప్పే వాక్యం అదే. మార్కు పడాల్సింది అక్కడే. ముక్కలు చేయడంలో షరతులు ఎగిరిపోయాయి. ఇప్పుడు పేరా చదివితే వరద వస్తే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయన్నట్టుంది.

దాని వెనకే "అందువల్ల" కూడా పోతుంది. దేర్‌ఫోర్, మోరోవర్, ఇన్ కన్‌క్లూజన్ లాంటివి యంత్రం ఎక్కువగా వాడే మాటలని పిల్లల్లో బాగా ప్రచారమైంది. కాబట్టి కనిపించిన చోటల్లా తీసేస్తారు. మోరోవర్ పోతే పెద్ద నష్టం లేదు, నిజానికి చాలా వ్యాసాల్లో అది పోతేనే నయం. కానీ దేర్‌ఫోర్ అలాంటిది కాదు. ముందు వాక్యం కారణం, తర్వాతిది ఫలితం అని చెప్పే మాట అది. అది లేకపోతే గేట్ల సంగతికీ, ఊళ్లకు హెచ్చరిక ఇవ్వడానికీ ఉన్న సంబంధం పాఠకుడే వెతుక్కోవాలి. 2021 నవంబరులో పెన్నా వరద చూసిన మనకు ఆ సంబంధం చెప్పనక్కర్లేదు. పేపరు దిద్దే పరాయి ఊరి లెక్చరర్‌కు చెప్పాలి.

ఇంకా దిగకపోతే కొలతల జోలికి పోతారు. ఇన్‌ఫ్లోను క్యూసెక్కుల్లో చెప్పిన వాక్యం ఉంటే, అది మరీ పుస్తకంలో ఉన్నట్టుందని "భారీ పరిమాణంలో నీరు" అని మారుస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, నీరు పారే వేగం. టీఎంసీ అంటే నిలవున్న నీటి పరిమాణం. రెంటికీ లంకె ఉంది. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ లెక్క వేయగలిగితేనే ప్రాజెక్టు ఎన్ని రోజుల్లో నిండుతుందో చెప్పగలం. వేగాన్ని పరిమాణం అని రాసేస్తే ఇక ఆ లెక్క ఎవరూ వేయలేరు. అంకెలు పోయి విశేషణాలు మిగలడం తిరగరాసిన వ్యాసాల్లో అన్నిటికంటే ముందు కనబడే లక్షణం.

చివరి మెట్టు, కావాలని తప్పులు పెట్టడం. మనిషైతే తప్పులు చేస్తాడు కదా అని 'ది' తీసేయడం, స్పెల్లింగ్ చెడగొట్టడం. దీని లాభనష్టాలు చూడండి. డిటెక్టర్ స్కోరు తగ్గుతుందో లేదో తెలియదు. దిద్దేవాళ్లు మార్కు తగ్గించడం మాత్రం ఖాయం.

"కానీ నిజంగానే 62 నుంచి 18కి తగ్గింది కదా, అంటే నా పద్ధతి పనిచేసినట్టే కదా?" అని అడగవచ్చు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మొదటి రాత ఒకటి, తిరగరాసినవి ఐదు, మొత్తం ఆరు రూపాలు. మీరు చేసిన మార్పులకూ స్కోరుకూ ఏ సంబంధమూ లేదని, అది ఊరికే అటూ ఇటూ ఊగుతోందని అనుకుందాం. అప్పుడు ఆరింట్లో అన్నిటికంటే తక్కువ స్కోరు వచ్చే అవకాశం ఆరింటికీ సమానం. మొదటి రాతకే అది దక్కే అవకాశం ఆరింట ఒకటి. అంటే పద్ధతి అంటూ ఏమీ లేకపోయినా, తిరగరాసిన ఐదింట్లో ఏదో ఒకటి మొదటిదాని కంటే తక్కువ చూపించే అవకాశం ఆరింట ఐదు. పెరిగిన విడతలను మరిచిపోయి తగ్గినదాన్నే ఉంచుకుంటాం కాబట్టి మన చెయ్యి పనిచేసిందనిపిస్తుంది. నిజంలో మాటలు మారిస్తే స్కోరు కొంత కదులుతుంది, అది పూర్తిగా అదృష్టమే కాదు. కానీ తగ్గుదల కనిపించడమే రుజువు కాదు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. ప్రతి విడతా మొదటి రాత మీద జరగదు, అంతకు ముందు విడతలో చెడిన రాత మీద జరుగుతుంది. వ్యాసంలో 40 వాక్యాలు ఉన్నాయని, ప్రతిసారీ డిటెక్టర్ రంగు వేసి చూపిన 8 వాక్యాలను మార్చారని అనుకోండి. ఐదు విడతలకు 40 మార్పులు. పదింట ఒక్క మార్పు అర్థాన్ని వంకర తిప్పిందనుకున్నా నాలుగు వాక్యాలు తప్పు చెబుతున్నాయి. నాలుగు తప్పు వాక్యాలున్న వ్యాసాన్ని, స్పష్టంగా ఉన్న వ్యాసం బదులు మనం సంతోషంగా పంపిస్తున్నాం. రంగు పడేది కూడా ఎక్కువగా నిర్వచనాలు, సూటిగా విషయం చెప్పిన వాక్యాల మీదే. వ్యాసానికి వెన్నెముక అవే.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. ఏఐ డిటెక్టర్లు రాకముందు, పక్కవాడి పేపరుతో పోలిక కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను తప్పించుకోడానికి కొందరు పరిశోధకులు ప్రతి మాటకూ పర్యాయపదం పెట్టే ప్రోగ్రాంలు వాడారు. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు అచ్చైన సైన్సు పేపర్లలో వింత మాటలు ఏరారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్", అంటే నకిలీ చైతన్యం. బిగ్ డేటాకు "కలోసల్ ఇన్ఫర్మేషన్". బ్రెస్ట్ క్యాన్సర్‌కు "బూజమ్ పెరిల్", అంటే రొమ్ము గండం. చిత్రహింసకు గురైన మాటలని వీటికి పేరు పెట్టారు. పోలిక సాఫ్ట్‌వేర్‌కు అవి దొరకలేదు. మనుషులకు మాత్రం వెంటనే దొరికాయి. ఇప్పుడు ఆ మాటల జాబితా పట్టుకునే పేపర్లను జల్లెడ పడుతున్నారు. దాచడానికి వేసిన వేషమే పట్టిచ్చింది. మన విద్యార్థి బేసిన్, వాటర్ బాడీలు చూసి లెక్చరర్‌కు కలిగే అనుమానం కూడా సరిగ్గా అలాంటిదే.

సార్ వాడేది ఉచిత సైటు కాదు కదా, మంచి టూలే వాడతారేమో? కావచ్చు. అప్పుడు ఉచిత సైటులో మీరు దించుకున్న స్కోరుకు విలువే లేదు, ఆ 71 వ్యాసాలు గుర్తున్నాయిగా. కాలేజీలు ఎక్కువగా కొనే టర్నిటిన్‌లో విద్యార్థి తనంతట తాను పెట్టి చూసుకునే వీలు సాధారణంగా ఉండదు. ఆ సంస్థ కూడా తన స్కోరు ఒక్కదాన్నే పట్టుకుని విద్యార్థి మీద చర్య తీసుకోవద్దంటుంది. 20 శాతం లోపు వచ్చిన అంకె నమ్మదగింది కాదని దాన్ని చూపించడమే మానేసింది. తప్పుడు ఆరోపణలు ఒక శాతం లోపే ఉంటాయని ఆ సంస్థ మాట. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఆ ఒక్క శాతాన్నే నిజమనుకుని లెక్క వేసింది. ఏడాదికి 75,000 పేపర్లు వస్తాయి కాబట్టి 750 మంది మీద తప్పుడు నింద పడొచ్చని తేలింది. 2023 ఆగస్టులో ఆ డిటెక్టర్‌ను ఆపేసింది. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థ సొంత డిటెక్టర్ కూడా యంత్రం రాతల్లో 26 శాతాన్నే పట్టుకోగలిగింది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని యంత్రానివి అంది. 2023 జనవరి చివర తెచ్చిన దాన్ని జులైలో వాళ్లే వెనక్కి తీసుకున్నారు.

పీజీ, పీహెచ్‌డీ వాళ్లకు ఇంకో గందరగోళం ఉంది. "10 శాతం లోపు ఉండాలట" అని ఎవరో చెబుతారు, దాన్ని ఏఐ స్కోరుకు అంటగట్టుకుంటారు. ఆ పది శాతం యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లోది. అది పోలిక శాతం గురించి, అంటే మీ రాతలో ఎంత భాగం ఇప్పటికే అచ్చైన ఇతరుల రాతతో కలుస్తోంది అనే దాని గురించి. పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు. ఎక్కడి వాక్యం ఎక్కడ ఉందో ఆ రిపోర్టులో చూపిస్తారు కాబట్టి మీరు సరిచూసుకోవచ్చు. ఏఐ స్కోరు అలాంటిది కాదు, అది అంచనా. కొన్ని టూల్స్‌లో 40 అంటే వ్యాసంలో 40 శాతం భాగం యంత్రానిదని, ఇంకొన్నింటిలో వ్యాసం మొత్తం యంత్రానిదయ్యే అవకాశం 40 శాతమని. ఎదురుగా పెట్టి చూసుకోడానికి మూలం ఏదీ ఉండదు. మీ మీద ఎవరైనా పది శాతం నియమం ప్రయోగిస్తే, అది ఏ శాతమో మొదట అడగండి.

తెలుగులో రాసుకుని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఇంగ్లిషు చేయించుకున్నవాళ్లు ఏం చేయాలి? ఆలోచన మీదే, ఇంగ్లిషు మాత్రం యంత్రానిది. కాబట్టి డిటెక్టర్ అనుమానించడంలో పూర్తి తప్పు లేదు. మాటలు మార్చి దాచడం కంటే, తెలుగు ప్రతిని జతచేసి సంగతి ముందే లెక్చరర్‌కు చెప్పడం మేలు. కుదరదంటే మీకొచ్చిన ఇంగ్లిషులోనే రాయండి.

ఇప్పటికే ఐదారుసార్లు తిరగరాసి ఉంటే, మొదటి రాతనూ చివరి రాతనూ పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో ఉన్న అంకెలు, యూనిట్లు చివరిదాంట్లో ఉన్నాయా? ఒక వస్తువుకు మొదటి నుంచి చివరి దాకా ఒకే పేరు ఉందా? 'అయితే', 'అందువల్ల', 'ఉంటేనే' అన్న చోట్ల కారణం, షరతు ఇంకా నిలిచాయా? ఈ మూడింట్లో ఏది పోయినా ఆ పేరాకు మొదటి రాతనే తిరిగి పెట్టండి. ఆ విషయం చదవని ఇంట్లోవాళ్లకో, స్నేహితురాలికో ఒకసారి చదివి వినిపిస్తే ఎక్కడ అర్థం కాలేదో వాళ్లే చెబుతారు. తిరగరాయడం ఎలాగూ మంచిదే. ఎవరికి అర్థం కాలేదో వాళ్ల కోసం తిరగరాయాలి.

నింద పడితే ఏం చూపించాలన్నదే అసలు భయం కాబట్టి, స్కోరు మీద పెట్టే గంటను రుజువుల మీద పెట్టండి. గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీలో మీరు ఏ రోజు ఏ వాక్యం రాశారో, ఎక్కడ కొట్టేశారో అంతా నిలిచి ఉంటుంది. చిత్తు కాగితాలు, చదివిన పేజీల ఫోటోలు పారేయొద్దు. లెక్చరర్ అడిగితే మీ వ్యాసం గురించి ఐదు నిమిషాలు నోటితో చెప్పడానికి సిద్ధంగా ఉండండి. సోమశిల గేట్లు ఎప్పుడు ఎత్తుతారో, కెపాసిటీకీ స్టోరేజీకీ తేడా ఏమిటో తడుముకోకుండా చెప్పిన పిల్ల ముందు 62 శాతం అన్న అంకె నిలబడదు. లెక్చరర్లకు కూడా ఒక మనవి: స్కోరు చూసి పిలిచే ముందు ఆ టూల్ పేరు, దాని తప్పుడు ఆరోపణల శాతం విద్యార్థులకు చెప్పండి. తెలుగు మీడియం నుంచి వచ్చి సాదా ఇంగ్లిషులో సూటిగా రాసిన పేపరును ఆ సాదాతనం చూసి అనుమానించకండి.